ఛార్జింగ్ మూత తెరిచి చూశాకే కారు కొనండి

షోరూమ్‌లో కారు ఛార్జింగ్ మూత తెరిపించండి. ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్ టైప్ 2, అది ఏసీ ఛార్జింగ్‌కి. దాని కింద రెండు లావు పిన్నులు కూడా ఉంటే సీసీఎస్2. హైవే మీది డీసీ ఫాస్ట్ ఛార్జర్లు ఎక్కువగా దానికే పడతాయి. ఎంజీ కామెట్‌లో ఆ కింది రెండూ లేవు. ఏ అడాప్టరూ ఆ లోటు తీర్చలేదు, డీసీ కరెంటు బ్యాటరీకి చేరే దారే కారులో ఉండదు మరి.

ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. 30 యూనిట్ల బ్యాటరీకి రాత్రంతా పడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు, వేడెక్కి కరిగిపోవచ్చు.

అసలు తలనొప్పి యాప్‌లది. కంపెనీకో యాప్, చాలావాటిలో వాలెట్ ముందే నింపాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లు ఇంట్లోనే ఓటీపీ పని ముగించి, యూపీఐతో కాస్త డబ్బు వేసుకోవాలి. సిగ్నల్ అందని స్టేషన్‌లో ఆ తతంగం జరగదు.