పేరు మార్పు: ముందు ఏ కాగితం, తర్వాత ఏ కాగితం?

జెండర్ మార్చుకున్నవాళ్లు పేరు మార్చుకునేటప్పుడు ఎక్కువగా ఇబ్బంది పడేది చట్టం లేక కాదు, వరుస తప్పడం వల్ల. తొందరగా అయిపోతుందని ఎవరో చెబితే ముందు బ్యాంకుకు వెళ్తారు. బ్యాంకు ఆధార్ అడుగుతుంది. ఆధార్ కేంద్రానికి వెళ్తే వాళ్లు ఇంకో కాగితం అడుగుతారు. ప్రతి కార్యాలయానికీ ముందటి కార్యాలయం ఇచ్చిన కాగితమే ఆధారం కాబట్టి, మొదలుపెట్టే చోటు సరిగ్గా ఉంటే మిగతా పని చాలావరకు దానంతటదే దారిలో పడుతుంది.

ఆ మొదలు జిల్లా కలెక్టర్ ఇచ్చే ధ్రువపత్రం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది, దాని నిబంధనలు 2020లో వచ్చాయి. దరఖాస్తును కేంద్ర ప్రభుత్వ పోర్టల్ transgender.dosje.gov.in లో పెట్టుకోవాలి. ధ్రువపత్రాలు రెండు రకాలు. మొదటిదాంట్లో జెండర్ ‘ట్రాన్స్‌జెండర్’ అని ఉంటుంది. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లు ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంట్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ ఇచ్చిన పత్రంతో రెండోది తీసుకోవచ్చు. అందులో స్త్రీ అనో పురుషుడనో ఉంటుంది. చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ఈ ధ్రువపత్రం ఉన్నవాళ్లకు జనన ధ్రువీకరణ పత్రంలోనూ ఇతర గుర్తింపు పత్రాల్లోనూ తమ పేరు మార్చుకునే హక్కు ఉంది. ఫారాలు, షరతులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజు పోర్టల్‌లో ఉన్న సూచనలు చదివాకే కాగితాలు సిద్ధం చేసుకోండి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కరీంనగర్‌లో పుట్టి, అక్కడే పదో తరగతి చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ట్రాన్స్ మహిళ. పాత పేరు కొత్తపల్లి కిరణ్, కొత్త పేరు కొత్తపల్లి కీర్తన. ఇంటిపేరు మారడం లేదు. ఈ విషయం ముఖ్యం, ఎందుకంటే చట్టం నేరుగా ఇచ్చిన హక్కు అసలు పేరు మార్చుకోవడానికి మాత్రమే. ఇంటిపేరు కూడా మార్చుకోవాలనుకుంటే గెజిట్ ప్రకటన దారిలో వెళ్లాలి.

దరఖాస్తు నింపే ముందే ఆమె తేల్చుకోవాల్సింది ఇంగ్లిష్ స్పెల్లింగ్. Keerthana, Keertana, Kirthana అనే మూడూ మనకు ఒకే పేరు, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. బడిలో K. Kiran అని రాయించుకుంటాం, ఆధార్‌లో Kothapalli Kiran అని ఉంటుంది, ఇంకోచోట అదే తిరగబడి Kiran Kothapalli అవుతుంది. పొడి అక్షరం వదిలేసి, ఇంటిపేరు పూర్తిగా రాసి, Kothapalli Keerthana అన్న ఒక్క రూపాన్నే అఫిడవిట్ నుంచి పాస్‌పోర్ట్ దాకా వాడాలి. అఫిడవిట్‌లో పాత పేరు ఎన్ని రూపాల్లో ఉందో అన్నీ రాసి, ఆ పేర్లన్నీ తనవేనని, ఇకపై కొత్త పేరుతోనే ఉంటానని స్పష్టంగా చెప్పాలి. ఈ ఒక్క పేరా తర్వాత ఎన్నో ప్రశ్నలకు జవాబవుతుంది.

కలెక్టర్ పత్రం చేతికొచ్చాక రెండో అడుగు ఆధార్. ఇక్కడ తొందర పనికిరాదు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, జెండర్ ఒక్కసారే. ఆ పరిమితి దాటితే ప్రాంతీయ కార్యాలయానికి ప్రత్యేకంగా మొరపెట్టుకోవాలి. కీర్తన మొదటి ధ్రువపత్రం రాగానే జెండర్‌ను ‘ట్రాన్స్‌జెండర్’ అని మార్పించుకుని, శస్త్రచికిత్స తర్వాత ‘స్త్రీ’ అని మార్చాలనుకుంటే, ఉన్న ఒక్క అవకాశం అప్పటికే అయిపోయి ఉంటుంది. శస్త్రచికిత్స దగ్గర్లోనే ఉంటే, రెండో ధ్రువపత్రం వచ్చేదాకా ఆధార్‌లో జెండర్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ‘ట్రాన్స్‌జెండర్’ గానే ఉండాలనుకునేవాళ్లకు, శస్త్రచికిత్స ఆలోచన లేనివాళ్లకు ఈ ఎదురుచూపు అక్కర్లేదు.

ఆధార్ కేంద్రంలో ఆపరేటర్ ఇచ్చే రసీదును అక్కడే నిలబడి చదవండి. ఇంగ్లిష్‌లో సరిగ్గా కొట్టినా తెలుగులో ‘కీర్తాన’ అని పడే అవకాశం ఉంది. దాన్ని తర్వాత సరిచేయించుకోవాలంటే రెండో అవకాశం కూడా ఖర్చవుతుంది. పాత ఫోన్ నంబరు పోయి ఉంటే దాన్నీ అప్పుడే మార్పించుకోవాలి. తర్వాతి పనుల్లో చాలావాటికి ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది.

ఆధార్ తర్వాత పాన్. పాన్ నంబరు మారదు, వివరాలే మారతాయి. ఆధార్‌లో కొత్త పేరు, పాన్‌లో పాత పేరు ఉన్నన్నాళ్లూ రెండూ సరిపోలవు కాబట్టి మధ్యలో ఎక్కువ రోజులు వదలకూడదు. ఆ రెండూ చేతిలో ఉన్నాక బ్యాంకుకు వెళ్తే పని సాఫీగా అవుతుంది. కేవైసీ ఫారంతో పాటు కొత్త సంతకం కూడా ఇవ్వాలి. చాలామంది ఇది మరిచిపోయి, చెక్కు తిరిగొచ్చాక గుర్తు చేసుకుంటారు. కీర్తన లాంటి ఉద్యోగులు అదే వారంలో కంపెనీలోనూ చెప్పాలి. పీఎఫ్ ఖాతాలో పేరు వేరుగా ఉంటే డబ్బు తీసుకునే రోజున ఆగిపోతుంది. ఓటరు కార్డుకు ఫారం 8 సరిపోతుంది. డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు ఆ తర్వాత వీలునుబట్టి చూసుకోవచ్చు.

చదువు సర్టిఫికెట్లు వేరే కథ. వాటిని పాన్, బ్యాంకు పనులతో పాటే మొదలుపెట్టాలి, ఎందుకంటే అన్నింటికంటే ఆలస్యమయ్యేవి ఇవే. పదో తరగతి మెమో ముందు మారాలి. ఇంటర్ బోర్డు, విశ్వవిద్యాలయం దాన్నే చూస్తాయి. దరఖాస్తు చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా వెళ్లాలి. ‘పాత రికార్డు మార్చం’ అన్న మాట ఇక్కడే ఎక్కువగా వినిపిస్తుంది. 2020 నిబంధనల అనుబంధంలో మార్చాల్సిన పత్రాల జాబితాలో విద్యా సర్టిఫికెట్లూ ఉన్నాయి. దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో మార్చాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఆ పేజీ ప్రింటు తీసి దరఖాస్తుకు జతచేయండి. 2025లో మణిపూర్ హైకోర్టు ఒక ట్రాన్స్ మహిళా డాక్టర్‌కు కొత్త పేరుతో విద్యా సర్టిఫికెట్లు ఇవ్వాలని ఆదేశించింది.

ఇన్ని ఉన్నా గెజిట్ ఎందుకని అడగొచ్చు. కొన్ని కార్యాలయాలు అది లేనిదే కదలవు. అలా అడిగితే తీసుకోండి, ముందే పరుగెత్తక్కర్లేదు. గెజిట్‌కు ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. పాత పేరు, కొత్త పేరు, చిరునామా ఊరంతా చదివేలా అచ్చవుతాయి. ఇంట్లో బెదిరింపులున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కలెక్టర్ పత్రంతో పని జరిగేచోట దాంతోనే కానివ్వడం మేలు.

పాస్‌పోర్ట్ చివర. మార్పులతో రీఇష్యూకు దరఖాస్తు చేసేటప్పటికి ఆధార్, పాన్, వీలైతే పదో తరగతి మెమో ఒకే పేరు చూపించాలి. పోలీసు విచారణకు వచ్చినవాళ్లు ఇరుగుపొరుగును పాత పేరుతో అడగవచ్చు కాబట్టి ధ్రువపత్రం నకలు ఇంట్లో దగ్గర పెట్టుకోండి. చెల్లుబాటులో ఉన్న వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంటే దాన్ని పారేయొద్దు. కొత్త పేరుతో టికెట్ కొనే ముందు ఆ దేశ రాయబార కార్యాలయాన్ని అడగండి.

ఏ కార్యాలయమైనా కాదంటే నోటిమాటతో వెనుదిరగకండి. కారణం రాసివ్వమని అడగండి, దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ కాగితాలతో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. అది సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఉచిత న్యాయ సహాయానికి అక్కడే దరఖాస్తు చేసుకోవచ్చు.