గాజు దిమ్మె కిరణాన్ని ఎంత పక్కకు జరుపుతుంది?

పదో తరగతి సైన్స్ ల్యాబ్‌లో గాజు దిమ్మె ప్రయోగం చేయని వాళ్లు తక్కువ. డ్రాయింగ్ బోర్డు మీద తెల్లకాగితం పరిచి, దిమ్మె పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీస్తారు. పై అంచు మీద ఒక బిందువు దగ్గర లంబం గీసి, దానికి 60 డిగ్రీల కోణంలో ఒక గీత గీసి, ఆ గీత మీద రెండు గుండుసూదులు గుచ్చుతారు. అవతలి వైపు నుంచి గాజులోకి చూస్తూ, ఆ రెండు సూదులతో ఒకే వరుసలో కనపడేలా మరో రెండు గుచ్చుతారు. దిమ్మె తీసేసి గీతలు కలిపితే బయటికొచ్చిన కిరణం లోపలికెళ్లిన కిరణానికి సమాంతరంగానే ఉంటుంది, కానీ పక్కకు జరిగి ఉంటుంది. ఈ జరుగుబాటునే పార్శ్వ విస్థాపనం అంటారు.

సమాంతరంగా ఎందుకుంటుందంటే, దిమ్మె రెండు ముఖాలూ సమాంతరం. గాజులోకి వెళ్లేటప్పుడు కిరణం లంబం వైపు ఎంత వంగుతుందో, బయటికొచ్చేటప్పుడు లంబానికి దూరంగా సరిగ్గా అంతే వంగుతుంది. దిశ మారదు, దారి మారుతుంది. ఎంత మారుతుందో లెక్కగట్టడానికి రెండు లంబకోణ త్రిభుజాలు చాలు.

కిరణం పై అంచును A వద్ద తాకిందనుకుందాం. పతన కోణం i, వక్రీభవన కోణం r, దిమ్మె మందం t. కిరణం గాజులో వంగి కింది అంచును B వద్ద చేరుతుంది. దిమ్మె లేకపోతే నేరుగా వెళ్లి అదే అంచు గీతను C వద్ద దాటేది. A నుంచి కింది అంచుకు దించిన లంబం పాదాన్ని N అనుకుంటే, NC = t tan i, NB = t tan r. ఈ రెండింటి తేడాయే BC.

చాలామంది విద్యార్థులు ఈ BCని కొలిచి, అదే విస్థాపనం అని రాసేస్తారు. కానీ అది అంచు వెంబడి ఉన్న దూరం. మనకు కావలసింది రెండు సమాంతర గీతల మధ్య లంబ దూరం. అంచుకూ ఈ లంబ దూరానికీ మధ్య కోణం కూడా i కనుక, BCని cos i తో గుణించాలి:

d = t (tan i − tan r) cos i

సర్దితే పుస్తకాల్లో కనిపించే రూపం వస్తుంది:

d = t sin(i − r) / cos r

ఇప్పుడు అంకెలు వేద్దాం. దిమ్మె మందం 6 సెం.మీ., గాజు వక్రీభవన గుణకం 1.5, పతన కోణం 60 డిగ్రీలు. స్నెల్ నియమం ప్రకారం sin r = 0.866 / 1.5 = 0.577, అంటే r సుమారు 35.3 డిగ్రీలు. i − r = 24.7 డిగ్రీలు, దాని సైన్ 0.418. cos r = 0.816. ఫలితం d = 6 × 0.418 / 0.816, దాదాపు 3.07 సెం.మీ. పతన కోణం 30 డిగ్రీలకు తగ్గిస్తే ఇదే లెక్క 1.16 సెం.మీ. ఇస్తుంది. లంబంగా పడిన కిరణం అసలు జరగదు.

అదే 60 డిగ్రీల పటంలో అంచు వెంబడి కొలిస్తే 6.15 సెం.మీ. వస్తుంది. అది దిమ్మె మందం కంటే ఎక్కువ! పొరపాటు పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు. పతన కోణం ఎంత పెంచినా, అది 90 డిగ్రీలకు చేరువయ్యే కొద్దీ విస్థాపనం మందానికి దగ్గరవుతుందే తప్ప దాన్ని దాటదు.

గీతలు సమాంతరంగా రాకపోతే, చూసేటప్పుడు దిమ్మె కదిలి ఉండాలి, లేదా సూదులు మరీ దగ్గరగా గుచ్చి ఉండాలి. 5 సెం.మీ. దూరంలో ఉన్న రెండు సూదుల్లో ఒకటి అర మిల్లీమీటరు పక్కకు పడినా గీత అర డిగ్రీకి పైగా తప్పుతుంది. సూదులు ఒరిగినా పొరపాటే, అందుకే తలలను కాకుండా కాగితంలో దిగిన మొనల దగ్గర చూసి వరుస సరిచూసుకోవాలి.

3 మిల్లీమీటర్ల కిటికీ అద్దం కూడా ఇదే పని చేస్తుంది. 60 డిగ్రీల దగ్గర జరుగుబాటు ఒకటిన్నర మిల్లీమీటరు. కిరణం సమాంతరంగానే సాగుతుంది కాబట్టి ఎంత దూరం వెళ్లినా ఆ తేడా పెరగదు. వీధి చివరి చెట్టు మనకు ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకు కనిపిస్తుంది, అంతే.

ఎత్తుల తేడాను అతి కచ్చితంగా కొలిచే సర్వే లెవెల్ పరికరాల్లో ఈ చిన్న జరుగుబాటే కొలబద్ద. దుర్భిణి ముందు సమాంతర ముఖాల గాజు పలకను కొద్దిగా వంచి, చూపురేఖను పైకో కిందికో జరుపుతారు. చిన్న కోణాల్లో విస్థాపనం కోణానికి అనులోమంగా ఉంటుంది. 10 మిల్లీమీటర్ల పలకను ఒక డిగ్రీ వంచితే చూపురేఖ సుమారు 0.06 మిల్లీమీటరు జరుగుతుంది.