గోడౌన్ చేరేసరికి పూలగుత్తి ఎంత పడింది?

పెళ్లిమండపాల అలంకరణ సామాను హోల్‌సేల్‌గా అమ్మే విజయవాడ వ్యాపారి ఒకాయన చైనాలోని యివూ నుంచి ఒక కంటైనర్ సరుకు తెప్పించాడనుకుందాం. అందులో రెండే రకాలు. ప్లాస్టిక్ పూలగుత్తులు 20,000, గుత్తి ధర మన డబ్బుల్లో 40 రూపాయలు. లోహపు పూలస్టాండ్లు 2,000, ఒక్కోటి 600. ఇన్‌వాయిస్ మొత్తం 20 లక్షలు. గుత్తిని 62 రూపాయలకు అమ్ముతున్నాడు. లాభమా, నష్టమా?

ఇన్‌వాయిస్ చూస్తే గుత్తికి 22 రూపాయలు మిగులుతున్నట్టుంది. కానీ ఆ 40 రూపాయలు నింగ్బో రేవులో సరుకును ఓడకెక్కించే వరకే. అక్కడి నుంచి విజయవాడ గోడౌన్ దాకా అయ్యే ఖర్చంతా కొన్నవాడిదే. ఆ ఖర్చులన్నీ కలిపాక తేలేదే ల్యాండెడ్ కాస్ట్. సప్లయర్ చెప్పిన ధరలోనే ఓడ కిరాయి కలిసి ఉంటే దాన్ని మళ్లీ కలపకూడదు. కాబట్టి ధర ఎక్కడి వరకు చెప్పారో ముందు చూసుకోవాలి.

మన వ్యాపారికి ఓడ కిరాయి 2,40,000, బీమా 10,000 అయ్యాయి. ఇన్‌వాయిస్‌తో కలిపితే 22,50,000. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది ఈ మొత్తం మీద. అంటే కిరాయి పెరిగితే సుంకమూ పెరుగుతుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి రెండు సరుకులకూ మూల సుంకం 20 శాతమే అనుకుందాం. అది 4,50,000. ఆ సుంకంలో పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, 45,000. ఇక చెన్నై రేవులో దింపుడు, యార్డు చార్జీలు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు కలిసి 75,000. విజయవాడకు లారీ కిరాయి 45,000. అన్నీ కూడితే 28,65,000. ఇరవై లక్షల సరుకు మీద మరో 8,65,000 పడిందన్నమాట.

రేవులో కట్టిన ఐజీఎస్టీ ఇందులో లేదు. సుంకం కలిపిన 27,45,000 మీద 18 శాతం అనుకుంటే అది 4,94,100 అవుతుంది. చిన్న మొత్తమేమీ కాదు. అయినా మామూలుగా జీఎస్టీ కట్టే వ్యాపారికి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి సరుకు ధరలో చేరదు. ఏజెంట్ బిల్లు మీద, లారీ బిల్లు మీద క్రెడిట్ దొరికే జీఎస్టీ కూడా అంతే. కాంపొజిషన్ స్కీములో ఉన్నవాడికి మాత్రం ఆ క్రెడిట్ రాదు. అతనికి ఆ డబ్బంతా సరుకు ధరే. ఒకే కంటైనర్ ఇద్దరికి రెండు ధరల్లో పడవచ్చు.

మొత్తం తేల్చడం సులువే. చిక్కంతా ఆ 8,65,000ను రెండు సరుకుల మధ్య పంచడంలో ఉంది.

చాలామంది ఇన్‌వాయిస్ విలువను బట్టి పంచేస్తారు. పూల విలువ 8 లక్షలు, స్టాండ్లది 12 లక్షలు కాబట్టి ఖర్చులో 40 శాతం పూలకు, 60 శాతం స్టాండ్లకు. అలా చేస్తే గుత్తి 57 రూపాయల 30 పైసలు, స్టాండు 859 రూపాయల 50 పైసలు పడతాయి. 62కు అమ్మితే గుత్తికి నాలుగు రూపాయల పైనే లాభం కనిపిస్తుంది.

కానీ కంటైనర్‌లో చోటు ఎవరు ఆక్రమించారో చూడండి. అందులో నింపిన 60 ఘనపు మీటర్లలో 45 పూలవే. స్టాండ్లు బరువైనా ఒద్దికగా 15లో సర్దుకున్నాయి. ఓడ కిరాయి, రేవు ఖర్చులు, లారీ కిరాయి ఈ కంటైనర్ చోటుకు కట్టినవే. ఆ 3,60,000లో ముప్పాతిక భాగం, అంటే 2,70,000, పూలే మోయాలి. సుంకం సంగతి వేరు. ఏ సరుకుకు ఎంత పడిందో బిల్ ఆఫ్ ఎంట్రీలోనే ఉంటుంది, ఆ అంకెనే తీసుకోవాలి. ఇక్కడ అది విలువ నిష్పత్తిలో పూలకు 1,98,000, స్టాండ్లకు 2,97,000 అయిందనుకుందాం. బీమాను కూడా విలువను బట్టే పంచితే పూలకు 4,000, స్టాండ్లకు 6,000.

ఇప్పుడు గుత్తి 63 రూపాయల 60 పైసలు పడింది. స్టాండు 796 రూపాయల 50 పైసలకే పడింది. 62కు అమ్మిన ప్రతి గుత్తి మీదా రూపాయి 60 పైసలు పోతున్నాయి. స్టాండును 860 పడిందనుకుని పది శాతం వేసి 946 చెబుతుంటే, లెక్క సరిగ్గా వేసుకున్న పక్క కొట్టువాడు అదే పది శాతంతో 876కే ఇస్తాడు. నష్టానికి ఇచ్చే పూలు చకచకా కదులుతాయి, లాభమిచ్చే స్టాండ్లు గోడౌన్‌లోనే ఉండిపోతాయి. పుస్తకాల్లో మొత్తం పైసాతో సహా సరిపోతుంది కాబట్టి తప్పు ఎవరికీ దొరకదు.

ట్యాలీలో అదనపు ఖర్చులను పంచడానికి `Appropriate by Qty`, `Appropriate by Value` అనే రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది ఎంచుకుంటే ఖర్చులో పదింట తొమ్మిది వంతులు పూల మీద పడుతుంది, 22,000 నగల్లో పూలే 20,000 కనుక. అదీ సరికాదు. ఇలాంటి కలగలుపు కంటైనర్‌కు సప్లయర్ పంపే ప్యాకింగ్ లిస్టులోని ఘనపు మీటర్లను పట్టుకుని పంపకం విడిగా లెక్కవేసుకోవాల్సిందే.

సరుకు మీద వేయకూడని ఖర్చులూ ఉన్నాయి. కాగితాలు సమయానికి అందక కంటైనర్ రేవులో ఆగిపోయి 30,000 డెమరేజ్ కట్టాల్సి వచ్చిందనుకోండి. దానివల్ల పూల విలువ పెరగలేదు. ఇన్వెంటరీ విలువ కట్టే ప్రమాణం ఏఎస్-2 ఇలాంటి అసాధారణ నష్టాలను సరుకు ధరలో చేర్చనివ్వదు. అది ఆ ఏటి నష్టంగానే రాసుకోవాలి. విజయవాడ చేరాక అమ్ముడయ్యే దాకా కట్టే గోడౌన్ అద్దె కూడా ఇందులోకి రాదు.

ఇంకో చిక్కు ఆలస్యంగా వచ్చే బిల్లులది. సరుకు దిగిన రోజున సప్లయర్ ఇన్‌వాయిస్ ఒక్కటే చేతిలో ఉంటుంది. ఏజెంట్ బిల్లు వారాల తర్వాత వస్తుంది. అందాకా ఆగకుండా దిగిన రోజే అంచనా వేసి ధరలో కలుపుకోవాలి. మన వ్యాపారి రేవు ఖర్చు 75,000 అనుకుంటే అసలు బిల్లు 95,000 వచ్చిందనుకుందాం. తేడా 20,000లో పూల వాటా 15,000, గుత్తికి 75 పైసలు. అప్పటికి 12,000 గుత్తులు అమ్ముడైపోతే 9,000 అమ్మిన సరుకు ఖర్చులోకి, 6,000 మిగిలిన నిల్వ విలువలోకి వెళ్లాలి. ఇలా చేయకుండా బిల్లు వచ్చిన నెలలో మొత్తం ఖర్చు రాసేస్తే, సరుకు అమ్మిన నెలలో లాభం ఉబ్బుతుంది, బిల్లు వచ్చిన నెలలో చతికిలపడుతుంది. అమ్మకపు ధర మారకుండానే స్థూల లాభం శాతం నెలనెలా ఊగుతోందంటే ముందు వెతకాల్సింది ఈ బిల్లులనే.

ఈ లెక్క చేతిలో ఉంటే బేరం ఎక్కడ ఆడాలో కూడా తెలుస్తుంది. గుత్తికి పడిన 63 రూపాయల 60 పైసల్లో 13 రూపాయల 50 పైసలు కంటైనర్ చోటు ఖర్చే. సప్లయర్‌తో గంటసేపు మాట్లాడి ధరలో ఒక రూపాయి తగ్గిస్తే, సుంకంతో కలిపి మిగిలేది రూపాయి 22 పైసలు. అదే గుత్తులను ఇంకాస్త అదిమి ప్యాక్ చేయించి, అదే 45 ఘనపు మీటర్లలో 25,000 పట్టిస్తే చోటు ఖర్చు 10 రూపాయల 80 పైసలకు దిగుతుంది, గుత్తికి 2 రూపాయల 70 పైసలు మిగులుతాయి. అదనంగా తెచ్చిన 5,000 గుత్తులు అమ్ముడుపోయే సరుకేనా అన్నది ఆర్డరు పెట్టేముందు చూసుకోవాలి. పూల రేకులు నలిగిపోకుండా ఎంతవరకు అదమవచ్చో ఒక పెట్టె నమూనాగా తెప్పించుకుని చూస్తే తెలుస్తుంది.