గోడౌన్‌లో ఉన్న ఫ్యాన్లు, పుస్తకంలో లేని బిల్లు

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపుకు నేను లెక్కలు చూసే రోజుల్లో, జనవరిలో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. బీకాం పాసైంది, టాలీ బాగా వచ్చు. ఏప్రిల్ రెండో వారంలో నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, గోడౌన్‌లో లెక్కపెట్టినవాళ్లు తప్పు రాశారు" అంది. మార్చి 31 సాయంత్రం లెక్కపెడితే 340 సీలింగ్ ఫ్యాన్లు తేలాయి. టాలీలో అదే తేదీకి 140 మాత్రమే ఉన్నాయి.

"లెక్క మళ్లీ పెట్టించేముందు గేటు రిజిస్టరు తెచ్చి చూడమ్మా" అన్నాను. మార్చి 30న లారీలో 200 ఫ్యాన్లు దిగినట్టు అందులో ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ బిల్లు తేదీ మార్చి 28. కాగితం మాత్రం లారీ డ్రైవరు దగ్గర్నుంచి మేనేజరు సొరుగులోకి, అక్కణ్నుంచి ఏప్రిల్ 4న ఆమె చేతికి వచ్చింది. చేతికొచ్చిన రోజు తేదీతోనే ఎంట్రీ వేసింది. మే నెలలోనో ఆగస్టులోనో అయితే ఆ వారం ఆలస్యం వల్ల పెద్దగా ఏమీ కాదు. ఏప్రిల్ ఒకటో తేదీకి అటూ ఇటూ పడితే మాత్రం బిల్లు ఏడాదే మారిపోతుంది.

ఫ్యాను 2,000 రూపాయల చొప్పున ఆ సరుకు విలువ 4 లక్షలు. అమ్మిన సరుకు మనకెంతకు పడిందో ఇలా కడతాం: ఏడాది మొదట్లో ఉన్న నిల్వకు కొన్నది కలిపి, చివర్లో మిగిలిన నిల్వను తీసేస్తాం. మిగిలిన నిల్వలో ఈ 200 ఫ్యాన్లు ఉన్నాయి, కొన్నదాంట్లో లేవు. అంటే డబ్బు పెట్టకుండానే సరుకు వచ్చినట్టు! ఖర్చు 4 లక్షలు తగ్గి, రాని లాభం 4 లక్షలు పుట్టుకొస్తుంది. మాది భాగస్వామ్య సంస్థ కాబట్టి లాభంపై 30 శాతం పన్ను, ఆ పన్నుపై 4 శాతం సెస్సు. అలా 1,24,800 రూపాయలు అదనంగా కట్టాల్సి వచ్చేది.

"వచ్చే ఏడాది ఆ కొనుగోలు పడుతుంది కదా సార్, అప్పుడు లాభం తగ్గిపోతుంది" అంది. నిజమే. ఈ ఏడాది ఎక్కువ, వచ్చే ఏడాది అంతే తక్కువ. కానీ రెండేళ్ల లెక్కలూ అబద్ధమే చెబుతాయి. వాటిని చూసి భాగస్వాములు లాభం పంచుకుంటారు, బ్యాంకు అప్పిస్తుంది.

టాలీ కొనుగోలు వోచర్‌లో రెండు తేదీలుంటాయి. పైన ఉండేది మన పుస్తకంలో ఎంట్రీ పడే తేదీ, దాన్ని `F2` నొక్కి మార్చుకోవచ్చు. `Supplier Invoice No.` పక్కన ఉండే `Date` అవతలివాళ్ల బిల్లు తేదీ. ఆమె రెండో గడిలో మార్చి 28 సరిగ్గానే వేసింది, పైది ఏప్రిల్ 4గా వదిలేసింది. పైది మార్చి 30కి మార్చగానే టాలీ 340 చూపించింది.

జీఎస్టీకి మాత్రం ఆ రెండో గడే ముఖ్యం. ఆ బిల్లు మీద 18 శాతం చొప్పున కట్టిన 72,000 మనకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా, వార్షిక రిటర్ను ముందే వేస్తే ఆ రోజు దాకా, దాన్ని తీసుకోవచ్చు. ఏ ఆర్థిక సంవత్సరమన్నది బిల్లు తేదీని బట్టి తేలుతుంది. మార్చి బిల్లును ఏప్రిల్ బిల్లుగా భావించి ఇంకా ఏడాది గడువుందనుకుంటే ఆ 72,000 పోయినట్టే.

అలాగని మార్చి తేదీ ఉన్న ప్రతి బిల్లూ మార్చి నిల్వలోకి రాదు. అదే వారం ఇంకో కంపెనీ మార్చి 31న బిల్లు వేసి పంపిన వైరు చుట్టలు ఏప్రిల్ 3న దిగాయి. అప్పుడు బేరం షరతు చూడాలి. లారీకి ఎక్కించగానే సరుకు మనదయ్యే ఒప్పందమైతే కొనుగోలు మార్చిదే, దారిలో ఉన్న సరుకుగా నిల్వలోనూ చూపాలి. మన గుమ్మానికి చేర్చే బాధ్యత వాళ్లదైతే రెండూ ఏప్రిల్‌లోకే వెళ్తాయి. కొనుగోలు ఒక ఏడాదిలో, నిల్వ ఇంకో ఏడాదిలో పడకూడదు. అదొక్కటీ పట్టుకుంటే మిగతాది తేలికే. మార్చిలో కాల్చిన కరెంటుకు ఏప్రిల్లో బిల్లొచ్చినా ఖర్చు మార్చిదే కనుక, ముందుగా అంచనా మొత్తం రాసి పెడతాం.

మరుసటి ఏడాది మార్చి 31న షట్టరు దించేముందు ఆమె గేటు రిజిస్టరులో చివరి ఎంట్రీ కింద ఎర్ర గీత గీసింది. పక్కన మా ఆఖరి అమ్మకం బిల్లు నంబరు రాసింది. తర్వాత మేనేజరు గారి దగ్గరికెళ్లి, సొరుగు ఒకసారి తెరవమని అడిగింది.