రాలేని చుట్టం పంపే ఆశీర్వాదం

బారసాల కబురు దూరపు చుట్టాలకు చాలాసార్లు ఆలస్యంగానే అందుతుంది. పదకొండో రోజున పేరు పెట్టే ఇళ్లలో పురుడు తీరిన వెంటనే వేడుక ఉంటుంది కాబట్టి పిలుపులకు వ్యవధి ఉండదు. ఇరవై ఒకటో రోజున పెట్టుకునేవారికి కాస్త వెసులుబాటు దొరుకుతుంది. ఎలా చూసినా రాలేనివారు కొందరు ఉంటారు. వారి తరఫున ఆ ఇంటికి చేరేది నాలుగు మాటలే.

ఒకప్పుడు ఆ మాటలు టెలిగ్రాంలో వచ్చేవి. శుభాకాంక్షల కోసం ముందే రాసిపెట్టిన వాక్యాలు, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉండేవి. బిడ్డ పుట్టినందుకు అభినందించే వాక్యమూ వాటిలో ఒకటి. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో ఉయ్యాల బొమ్మ మీద అచ్చేసిన ఆశీస్సులు వస్తున్నాయి. అదే బొమ్మ గ్రూపులో పదిమంది పంపితే ఏది ఎవరి దీవెనో ఇంటివాళ్లకు గుర్తుండదు. దూరపు చుట్టం సందేశంలో ముందుగా కావాల్సింది వరస.

ఒక ఉదాహరణ చూద్దాం. మస్కట్‌లో ఉద్యోగం చేసే ఒకాయనకు తెనాలి నుంచి బారసాల పిలుపు వచ్చింది. పాప నాన్నమ్మకు ఈయన చెల్లెలి కొడుకు. అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు అన్నదమ్ముల వరస కాబట్టి పాప తండ్రి ఈయనకు అన్న, పాపకు ఈయన బాబాయి. అదే నాన్నమ్మ తమ్ముడి కొడుకైతే లెక్క మారిపోతుంది. పాప తండ్రికి బావమరిది, పాపకు మేనమామ వరస అవుతాడు. ఒక్క మెట్టు తప్పితే బాబాయి మామయ్య అయిపోతాడు, సందేశం చదివేచోట పెద్దవాళ్లు ఆపి సరిచేస్తారు. అనుమానముంటే ఇంట్లో పెద్దావిడ ఎవరికైనా ముందురోజే ఫోన్ చేసి అడగడం మంచిది.

ఆయన రాసింది ఇలా ఉండొచ్చు:

‘అన్నయ్యా, వదినా, సెలవు దొరక్క రేపటి బారసాలకు రాలేకపోతున్నాను. మా వేసవి సెలవులన్నీ పెద్దమ్మ దగ్గరే గడిచాయి. పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. చిట్టితల్లీ, ఆ చేతి ముద్ద నీకూ దక్కాలి. ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లు. మస్కట్ నుంచి మీ బాబాయి.’

చదవడానికి అర నిమిషం చాలు. రాలేని కారణం ఒక్క మాటలో తేలిపోయింది. అంతకు మించి సంజాయిషీ ఇస్తే అది దీవెనను మింగేస్తుంది. ఆవకాయ ముద్ద సంగతి మాత్రం ఆ కుటుంబానికే చెందినది, దాన్ని ఇంకెవరూ పంపలేరు. దూరపు చుట్టం దగ్గర ఉండే ఆస్తి ఇలాంటిదే. పాపకు ముత్తవ్వ పేరు పెడుతున్నారని తెలిస్తే, ఆవిడను చూసినవాళ్లు ఆవిడ గురించి ఒక్క సంగతి రాసినా ఆ ఇంట్లో దాచుకుంటారు.

సంస్కృతంలో దీవించాలనుకుంటే ఆడపిల్లకు ‘ఆయుష్మతీ భవ’, మగపిల్లవాడికి ‘ఆయుష్మాన్ భవ’. బొమ్మల్లో ఇవి తరచూ తారుమారవుతాయి. ‘దీర్ఘసుమంగళీ భవ’ పెళ్లయిన ఆడవారికి చెప్పేది, పసిపాపకు చెప్పరు. ఫొటో చూసి పాప ఒళ్లూ రంగూ పొగిడినా చాలా ఇళ్లలో పెద్దవాళ్లు దిష్టి అంటారు. ‘ఈసారి ఆడపిల్ల, మళ్లీ బాబు పుట్టాలి’ అన్న మాటను మాత్రం పూర్తిగా మానుకోవాలి. బాలింత వింటూ ఉంటుంది.

పేరు ముందే తెలిసినా సందేశంలో రాయకూడదు. పళ్లెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో రాసి, పాప చెవిలో చెప్పాకే ఆ పేరు అందరిదీ అవుతుంది. అంతవరకు ‘చిట్టితల్లి’, ‘చిరంజీవి’ చాలు. సమయమూ చూసుకోవాలి. తెనాలిలో ఉదయం పదిన్నర ముహూర్తమంటే మస్కట్‌లో తొమ్మిది గంటలు. వేసవిలో డాలస్‌వారికి అది అర్ధరాత్రి. అందుకే ముందురోజు సాయంత్రానికే, గ్రూపులో కాకుండా చదివి వినిపించే మనిషికి విడిగా పంపాలి. వాయిస్ మెసేజ్ అయితే సన్నాయి మోతలో, పిల్లల గోలలో వినబడదు. రాసి పంపితే గట్టి గొంతున్న మేనత్త ఎవరో ఒకరు చదువుతారు.

చదివింపుల సంగతీ అదే మనిషికి అప్పగించవచ్చు. వెయ్యినూటపదహార్లు పంపి, ఎవరి పేరున చదివించాలో రాస్తే సరి. ఇక వేడుక ముగిసి పేరు బయటికొచ్చాక ఆ పేరుతో పాపను పిలుస్తూ ఇంకొక్క వాక్యం పంపాలి. నక్షత్రాన్ని బట్టి పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది మరొకటి ఉంటాయి కాబట్టి, ఏ పేరుతో పిలుస్తున్నారో వదినను అడిగాకే ఆ వాక్యం రాయాలి.