క్యాష్ ఖాళీ అయిన క్షణం

ఒక షాపింగ్ సైట్‌లో ఒకే పేజీని సెకనుకు 500 మంది తెరుస్తున్నారనుకుందాం. జవాబు క్యాష్‌లో ఉన్నంతసేపూ డేటాబేస్‌కు పని పడదు. క్యాష్‌ను రీస్టార్ట్ చేస్తే అది ఖాళీ. డేటాబేస్ జవాబివ్వడానికి 200 మిల్లీసెకన్లు పడితే, మొదటి జవాబు వచ్చేలోపే అదే ప్రశ్న వందసార్లు వెళ్లిపోతుంది. ఆ రద్దీకి జవాబు ఇంకా ఆలస్యమవుతుంది, వెనక వరస పెరుగుతూనే ఉంటుంది. కనెక్షన్లన్నీ నిండిపోయి, అన్నింట్లో ఒకే క్వెరీ కనబడితే జబ్బు ఇదే.

మందు: మొదటి అభ్యర్థన ఒక్కటే డేటాబేస్‌కు వెళ్తుంది, మిగతావి ఆ జవాబు కోసమే ఆగుతాయి. వెళ్లినది మధ్యలో ఆగిపోతే అన్నీ ఇరుక్కుంటాయి కాబట్టి ఆ నిరీక్షణకు ఒక హద్దు పెట్టాలి.

అంతటితో తీరదు. ఒకే నిమిషంలో నిండిన వేల పేజీల గడువు ఒకేసారి ముగుస్తుంది. అందుకే ఒక్కోదానికి కాస్త తేడాతో గడువు పెడతారు:

```
ttl = 300 + random(0, 60)
```