ఛాయ వేసిన వరుసలు, ముదురు శీర్షిక పట్టీలు: పట్టిక గుర్తింపునకు ముందు బైనరైజేషన్ సమస్య

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో 51 మండలాలు ఉండేవి. వాటిలో ఒకటైన నెక్కొండ తరువాత వరంగల్ గ్రామీణ జిల్లాలోకి వచ్చింది. 2021లో ఆ జిల్లా పేరే వరంగల్‌గా మారింది. ఒక మండలపు సాగు విస్తీర్ణాన్నో అక్షరాస్యతనో పునర్వ్యవస్థీకరణకు ముందు, తరువాత పోల్చి చూడదలచిన పరిశోధకునికి పాత మండలవారీ పట్టికలే ఆధారం. అవి చాలావరకు స్కాన్ చేసిన పుటల రూపంలోనే దొరుకుతాయి. కంటికి సులువుగా ఉండాలని ముద్రాపకులు అటువంటి పట్టికలలో వరుస విడిచి వరుసకు బూడిదరంగు ఛాయ వేస్తారు. పై శీర్షికను ముదురు పట్టీమీద తెల్లని అక్షరాలతో అచ్చువేస్తారు. మనిషి కంటికి మేలు చేసే ఈ రెండు అలంకారాలే యంత్రాన్ని తికమకపెడతాయి. ఒక్క వరుస కనబడకుండా పోతే చెన్నారావుపేట అంకె నెక్కొండ పేరు పక్కన చేరవచ్చు. రెండూ నమ్మదగిన అంకెలే కాబట్టి ఆ తప్పు చూపుకు తట్టదు.

పట్టికను గుర్తించే పద్ధతులలో చాలావాటికి తొలి మెట్టు బైనరైజేషన్. బూడిదరంగు చిత్రంలో ప్రతి పిక్సెల్‌కు 0 నుండి 255 వరకు ఒక విలువ ఉంటుంది. ఒక త్రెషోల్డ్‌ను ఎంచుకొని, అంతకు తక్కువైన దానిని నలుపుగా, ఎక్కువైన దానిని తెలుపుగా మార్చడమే ఈ ప్రక్రియ. సిరా, కాగితం అనే రెండే స్థాయిలుంటే ఇది తేలిక. ఛాయాపట్టీలున్న పుటలో స్థాయిలు నాలుగు: కాగితం, ఛాయ, ముదురు పట్టీ, సిరా. నాలుగింటిని రెండుగా విడగొట్టమన్నప్పుడు గీత ఎక్కడ పడుతుందన్నదే చిక్కు.

ఒకే పట్టిక, రెండు పుటలు

51 వరుసల పట్టిక ఒకటి రెండు పుటలలో అచ్చయిందని అనుకుందాం. ఇది వివరణకై కల్పించిన ఉదాహరణ. ఏ ప్రచురణనూ ఉద్దేశించినది కాదు. శీర్షిక పట్టీ మొదటి పుటలో మాత్రమే ఉంది. నెక్కొండ రెండవ పుటలో, ఛాయ వేసిన వరుసలో ఉంది. కాగితం విలువ 245, ఛాయ 180, పట్టీ 60, సిరా 45. మొదటి పుటలోని పట్టిక భాగంలో ఇవి వరుసగా 50, 38, 8, 4 శాతం. రెండవ పుటలో పట్టీ లేదు కనుక కాగితం 50, ఛాయ 46, సిరా 4 శాతం.

1979లో ఒత్సు ప్రతిపాదించిన పద్ధతి పుట అంతటికీ ఒకే త్రెషోల్డ్‌ను ఎంచుకుంటుంది. ఏర్పడే రెండు గుంపుల సగటుల మధ్య వర్గాంతర విస్తృతి ఎక్కడ గరిష్ఠమో అక్కడ గీత గీస్తుంది. మొదటి పుటలో పట్టీకీ ఛాయకూ మధ్య గీస్తే ఆ విలువ సుమారు 2769. ఛాయకూ కాగితానికీ మధ్య గీస్తే 2256. మొదటిదే నెగ్గుతుంది, ఛాయ తెల్లబడుతుంది, వరుసలు శుభ్రంగా వస్తాయి. రెండవ పుటలో సిరాకూ ఛాయకూ మధ్య గీస్తే 1095, ఛాయకూ కాగితానికీ మధ్య గీస్తే 1436. ఈసారి గీత పైకి జరిగింది. ఛాయ వేసిన ప్రతి వరుసా నల్లని దిమ్మగా మారి, అందులోని నెక్కొండ పేరూ అంకెలూ దానిలో కలిసిపోతాయి.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ముద్రణ మారలేదు, స్కానర్ మారలేదు, ఛాయ గాఢత మారలేదు. మొదటి పుటలో వరుసలను కాపాడినది ముదురు పట్టీయే. దాని బరువువల్ల త్రెషోల్డ్ కిందికి దిగింది. అందువల్ల మొదటి పుటమీద పరీక్షించి సరిపోయిందని భావించిన అమరిక తరువాతి పుటలలో చెడిపోవచ్చు. పరీక్షకు మొదటి పుటనే తీసుకోవడం అందరికీ ఉన్న అలవాటు కనుక ఈ లోపం తరచు ఆలస్యంగా బయటపడుతుంది.

స్థానిక త్రెషోల్డ్ ఎంతవరకు ఆదుకుంటుంది

దీనికి సాధారణంగా చెప్పే విరుగుడు, ప్రతి పిక్సెల్‌కు దాని చుట్టుపక్కల కిటికీని చూసి వేరు త్రెషోల్డ్ నిర్ణయించడం. 2000లో సావోలా, పీటికైనెన్ ప్రచురించిన సూత్రం వీటిలో ప్రసిద్ధం:

```
T = m * (1 + k * (s / R - 1)),   R = 128
```

ఇందులో m కిటికీలోని సగటు, s ప్రామాణిక విచలనం, k మనం ఎంచుకునే గుణకం. k = 0.2 అనుకుంటే, ఛాయ వేసిన వరుస నడుమ అక్షరాలున్న చోట T సుమారు 140 అవుతుంది. 45 ఉన్న సిరా నలుపు, 180 ఉన్న ఛాయ తెలుపు. ఇంతవరకు బాగుంది.

వరుస అంచు దగ్గర పరిస్థితి వేరు. కిటికీలో సగం ఛాయ, సగం కాగితం ఉంటే m 212.5, s 32.5, T సుమారు 181. ఛాయ 180 కనుక అంచునున్న పిక్సెళ్లు వెంట్రుకవాసిలో నల్లబడతాయి. స్కానింగ్ మచ్చలు తోడై ఆ అంచు తెగీతెగని సన్నగీతగా కనిపిస్తుంది. అచ్చులో లేని ఈ గీతను గీతల ఆధారంగా పనిచేసే గుర్తింపు పద్ధతి గడి సరిహద్దుగా తీసుకుంటుంది. kని 0.34కు పెంచితే T 159కి దిగి ఆ గీత మాయమవుతుంది. 0.5 దాకా పోతే ఛాయమీద 110 విలువతో వెలిసిన సిరా కూడా మాయమవుతుంది. పాత పుటలలో సిరా ఎంత వెలిసిందో ముందుగా తెలియదు కనుక ఒకే k అన్నిటికీ సరిపోదు.

శీర్షిక పట్టీలో ఈ సూత్రం మరింత వింతగా ప్రవర్తిస్తుంది. అక్షరాలు లేని చోట s సున్నాకు దగ్గర. T 48 మాత్రమే. 60 ఉన్న పట్టీ తెల్లబడుతుంది! తెల్లని అక్షరాల చుట్టూ T 79కి పెరిగి అదే పట్టీ నల్లబడుతుంది. ఫలితంగా అంచు ఒక డొల్ల చట్రంగా, లోపల అక్షరాల చుట్టూ నల్లని మరకలుగా పట్టీ ముక్కలవుతుంది. బైనరైజ్ అయిన చిత్రంలో ఇటువంటి మరకలు కనబడితే కారణం స్కానింగ్ కాదు, కిటికీ పద్ధతి.

ఛాయను చెరిపే ముందు చదవడం

పై రెండు పద్ధతులూ ఛాయను మలినంగా చూస్తాయి. గీతలు లేని పట్టికలో వరుసకూ వరుసకూ మధ్య ఉన్న ఏకైక సరిహద్దు ఆ ఛాయే. దానిని శుభ్రంగా తుడిచివేస్తే అక్షరాలు మిగులుతాయిగాని వరుసల ఆధారం పోతుంది. కనుక ముందు ఛాయను కొలిచి నమోదు చేసుకొని, ఆ తరువాతనే తొలగించాలి.

కొలిచే పని చాలా సులువు. చిత్రంలోని ప్రతి అడ్డు పిక్సెల్ వరుసకు మధ్యగత విలువ తీసుకోవాలి. అడ్డంగా చూస్తే అక్షరాలు సగంకంటె తక్కువ స్థలమే ఆక్రమిస్తాయి కనుక మధ్యగతం సిరాను పట్టించుకోదు; నేపథ్యాన్ని మాత్రమే చెబుతుంది. పైనుండి కిందికి ఆ విలువలు 60, 245, 180, 245, 180 అంటూ మెట్లుగా సాగుతాయి. ప్రతి మెట్టూ ఒక వరుస సరిహద్దు. అచ్చులో అడ్డగీత ఉన్నా మధ్యగతం పడిపోతుందిగాని, దాని ఎత్తు మూడు నాలుగు పిక్సెళ్లే. వరుస ఎత్తు 300 డీపీఐ స్కానింగ్‌లో 80 దాకా ఉంటుంది. ఎత్తును బట్టి రెంటినీ వేరుచేయవచ్చు.

వంకర ఇందుకు ప్రధాన శత్రువు. 2200 పిక్సెళ్ల వెడల్పున్న పట్టిక ఒక్క డిగ్రీ వాలితే ఒక కొసనుండి మరొక కొసకు 38 పిక్సెళ్ల తేడా వస్తుంది. అంటే దాదాపు సగం వరుస. పుటను ఎనిమిది నిలువు చీలికలుగా కోసి ఒక్కొక్కదానికి విడిగా మధ్యగతం తీస్తే ఆ తేడా ఐదు పిక్సెళ్లకు లోబడుతుంది. పట్టిక పుటలో ఎక్కడుందో ఇంకా తెలియని దశలో కూడా ఈ కోత ఉపకరిస్తుంది: పక్కపక్క చీలికలలో మెట్లు ఒకే ఎడంతో పునరావృతమైతే అక్కడ పట్టిక ఉన్నట్లే.

తరువాతి క్రమం ముఖ్యం. మధ్యగతం బాగా తక్కువగా, వరుస ఎత్తుకు తగ్గకుండా ఉన్న భాగాలను శీర్షిక పట్టీలుగా గుర్తించి ముందుగా వర్ణవిపర్యయం చేయాలి. అప్పుడు పట్టీ 195, అక్షరాలు 10 అవుతాయి. ఆపై ‘క్లోజింగ్’ అనే ప్రక్రియతో నేపథ్యాన్ని అంచనా వేసి, చిత్రాన్ని దానితో భాగించాలి. క్లోజింగ్ తన చదరంకంటె సన్నని నల్లని ఆకారాలను పూడ్చివేస్తుంది, వెడల్పైన వాటిని అలాగే ఉంచుతుంది. విపర్యయం చేయకుండా ఈ మెట్టుకు వస్తే అది తెల్లని అక్షరాల నడుమనున్న ముదురు రంగును పూడ్చి, శీర్షికను తిరిగి పాడుచేస్తుంది.

```python
import cv2, numpy as np
g = cv2.imread("page2.png", 0)
prof = [np.median(s, axis=1) for s in np.array_split(g, 8, axis=1)]
# bands: prof నుండి గుర్తించిన శీర్షిక పట్టీలు (y0, y1, x0, x1)
for y0, y1, x0, x1 in bands:
    g[y0:y1, x0:x1] = 255 - g[y0:y1, x0:x1]
bg = cv2.morphologyEx(g, cv2.MORPH_CLOSE, np.ones((25, 25), np.uint8))
n = cv2.divide(g, bg, scale=255)
_, bw = cv2.threshold(n, 0, 255, cv2.THRESH_BINARY + cv2.THRESH_OTSU)
```

చదరపు కొలత 25 అన్నది అక్షరపు గీత మందంకంటె బాగా ఎక్కువగా, వరుస ఎత్తుకంటె బాగా తక్కువగా ఉండాలన్న నియమంనుండి వచ్చింది. భాగహారం తరువాత కాగితంమీది సిరా 47, ఛాయమీది సిరా 64, నేపథ్యం అంతటా 255. మళ్లీ రెండే స్థాయిలు మిగిలాయి. ఒత్సు పద్ధతి ఇప్పుడు రెండు పుటలకూ ఒకేలా పనిచేస్తుంది. వరుసల సరిహద్దులు `prof`లో భద్రంగా ఉన్నాయి. వాటిని పట్టిక గుర్తింపు దశకు విడిగా అందించాలి.

పరిమితులు, పరీక్ష

ఆఫ్‌సెట్ ముద్రణలో బూడిదరంగు ఉండదు. సన్నని నల్ల చుక్కలే ఛాయగా భ్రమింపజేస్తాయి. అంగుళానికి 85 నుండి 133 వరుసల చుక్కలుంటే 300 డీపీఐ స్కానింగ్‌లో చుక్కకు చుక్కకు ఎడం 3.5 నుండి 2.3 పిక్సెళ్లు. అప్పుడు మధ్యగతం చుక్కనో ఖాళీనో పట్టుకొని ఊగిసలాడుతుంది. కొలతకు ముందు తేలికపాటి గాసియన్ మసక అవసరం. జిరాక్సు తీసిన ప్రతిలో ఆ చుక్కలు గట్టిపడి విడివిడి మచ్చలవుతాయి. చిన్న మచ్చలన్నిటినీ పరిమాణాన్నిబట్టి తుడిచివేయడం ఇక్కడ అందరికీ తోచే ఉపాయమేగాని, తెలుగు పుటలో అది ప్రమాదకరం. ‘ద’ను ‘ధ’నుండి, ‘డ’ను ‘ఢ’నుండి వేరుచేసే కింది గుర్తు చాలా అచ్చులలో విడిగా నిలిచే చిన్న గీతే. దానికంటె పెద్ద నష్టం దశాంశ బిందువుది: అది పోతే 12.5 కాస్తా 125 అవుతుంది.

టెసెరాక్ట్ 5ను వాడేవారు `-c thresholding_method=2` ద్వారా సావోలా పద్ధతిని ఎంచుకోవచ్చు. అయితే పైన చూసిన అంచుగీతలూ పట్టీ మరకలూ దానితోపాటే వస్తాయి. భాగహారం పూర్తయిన చిత్రాన్ని అందించి, మామూలు అమరికనే ఉంచడం మేలు.

ఫలితం సరిగా వచ్చిందో లేదో చూడడానికి అక్షరాలు చదవనవసరం లేదు. బైనరైజ్ అయిన ప్రతి వరుసలో నల్ల పిక్సెళ్ల శాతాన్ని లెక్కించి, ఛాయ వేసిన వరుసల సగటునూ వేయనివాటి సగటునూ పోల్చాలి. రెండు రకాల వరుసలలోనూ ఉన్నవి అటువంటి పేర్లూ అంకెలే కనుక సగటులు దగ్గరగా ఉండాలి. ఛాయ వరుసలలో శాతం బాగా ఎక్కువైతే నేపథ్యం ఇంకా మిగిలి ఉంది. బాగా తక్కువైతే వెలిసిన సిరా కొట్టుకుపోయింది. ఆపై మెట్ల నుండి లెక్కించిన వరుసల సంఖ్యనూ, పట్టిక గుర్తింపు ఇచ్చిన వరుసల సంఖ్యనూ సరిచూడాలి. రెండు పుటలూ కలిపి 51 రాకుండా 50 వస్తే, ఆ లోటు ఏ మెట్టు దగ్గర పడిందో `prof` చూపుతుంది. మండలం పేరు రెండు పంక్తులలో అచ్చయిన చోట మాత్రం మెట్ల లెక్కే నమ్మదగినది; గుర్తింపు పద్ధతి ఆ వరుసను రెండుగా చీల్చే అవకాశం ఎక్కువ.